రెండడుగుల గూట్లో నవరాత్రి: ముందు దీపం చోటు, తర్వాతే గుడ్డ, పూలు

సాజ్యం త్రివర్తి సంయుక్తం వహ్నినా యోజితం ప్రియం |
గృహాణ మంగళం దీపం త్రైలోక్య తిమిరాపహం ||

షోడశోపచార పూజలో ధూపం అయ్యాక, నైవేద్యానికి ముందు చదివే శ్లోకం ఇది. నెయ్యి పోసి, మూడు వత్తులు వేసి, నిప్పు అంటించిన ఈ మంగళ దీపాన్ని స్వీకరించు తల్లీ, మూడు లోకాల చీకటినీ పోగొట్టేది ఇదే అని ప్రార్థన. పూజలో వస్త్రం ముందు వస్తుంది, పువ్వులు తర్వాత, దీపం ఆ తర్వాత. అలంకారం కూడా చాలా ఇళ్లలో ఇదే వరుసలో సాగుతుంది. ముందు వెనక తెర కడతారు, తర్వాత దండలు వేలాడదీస్తారు, చివరికి మిగిలిన జాగాలో దీపం పెడతారు. పెద్ద పూజ గది ఉంటే ఎలా చేసినా చెల్లుతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో అద్దె పోర్షన్‌లో, గోడలో ఉన్న సిమెంటు గూడే దేవుడి గది అయినప్పుడు మాత్రం ఈ వరుస తిరగేయాలి. మంట ఎక్కడుంటుందో ముందు తేలాలి. గుడ్డా పూలూ దాన్ని బట్టి సర్దుకోవాలి.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న గూడు ఒకటి అనుకుందాం. మూడు వైపులా గోడ, పైన పలక, ముందు మాత్రమే తెరుపు. ఇందులో దీపం వెలిగిస్తే వేడి నేరుగా పైకి పోయి పలక కింద నిలుస్తుంది, అక్కడి నుంచి ముందు అంచు మీదుగా బయటికి వస్తుంది. మామిడి తోరణం కట్టేది సరిగ్గా ఆ ముందు అంచుకే. మొదటి రోజు ఆకు పచ్చిగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. మూడో రోజుకు ఆకు ముడుచుకుని గలగలమంటుంటే, కింద మంట మాత్రం అలాగే ఉంటుంది. అందుకే గూటి లోపల దీపం పెడితే ముందు అంచుకు తోరణం వద్దు, గది గుమ్మానికి కట్టుకోండి. తోరణం గూటికే ఉండాలంటే దీపాన్ని కిందికి దించి, గూటి ముందు పీట మీద పెట్టండి. రెండూ ఒకే చోట కావాలంటే ఇంత చిన్న గూట్లో కుదరదు.

లోపలే పెట్టేట్టయితే ముందు అంచుకు మూడు నాలుగు అంగుళాలు లోపలగా, వెనక గుడ్డకు అడుగు దూరంలో, పక్క గోడకు ఆరు అంగుళాల దూరంలో కుంది ఉండాలి. మధ్యలో వద్దు, ఒక పక్కకే ఉండాలి. చాలా ఇళ్ల ఆచారంలో నేతి దీపం అమ్మవారికి కుడివైపు పెడతారు. అమ్మవారు మనవైపు చూస్తుంటుంది కనుక ఆమె కుడి మనకు ఎడమ. పూజ మొదట్లోనే దీపారాధన చేస్తాం కాబట్టి అష్టోత్తరం నడిచినంతసేపూ దీపం వెలుగుతూనే ఉంటుంది, కుడి చేయి నూట ఎనిమిది సార్లు ముందుకు పోయి వస్తుంది. దీపం ఎడమ పక్కన ఉంటే చీర కొంగు గానీ చొక్కా చేయి గానీ మంట మీదుగా పోదు. పూల పళ్లెం కుడి పక్కన పెట్టుకుంటే సరి. మధ్యలో దీపం పెట్టుకుని దాని మీదుగా పూలు వేసే అలవాటు ఉంటే ఈ తొమ్మిది రోజులన్నా మానుకోండి.

చోటు సరైనదో కాదో పండుగ ముందురోజే తెలుసుకోవచ్చు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మకు పూలు తెచ్చే హడావుడి ఉంటుంది, అయినా ఓ అరగంట దీనికి తీయండి. గుడ్డా పూలూ ఏమీ లేకుండా దీపం ఒక్కటే వెలిగించి పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత గుడ్డ పై అంచు వచ్చే ఎత్తులో అరచేతి వెనక భాగం పెట్టి పది లెక్కపెట్టండి. చేయి తీసేయాలనిపిస్తే అక్కడ గుడ్డ ఉండకూడదు. ఫ్యాను వేసి, తలుపు తీసి మంట ఎటు వంగుతుందో కూడా చూడండి. గుడ్డ వైపు వంగుతుంటే పూజ సేపు ఫ్యాను ఆపాలి, లేదంటే కుంది జరపాలి. పలక మీద నల్లటి మరక పడుతుంటే వత్తి మరీ బయటికి ఉందని అర్థం. పావు అంగుళం కొస చాలు, మిగతాది నెయ్యిలోకి లాగండి. అదే రోజు ఇంకొకటి చూసుకోండి. మీ కుందిలో రెండు చెంచాల నెయ్యి మూడు వత్తులతో ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూడండి. పూజ ఎంతసేపో అంత నెయ్యే పోస్తే, ఇంట్లోవాళ్లు వంటింట్లోకి పోయాక గూట్లో దీపం ఒంటరిగా మండదు. అఖండ దీపం మొక్కు ఉంటే అది గూటి లోపల వద్దే వద్దు. నేల మీద ఇత్తడి పళ్లెంలో, గాజు చిమ్నీ వేసి, రాత్రి మనిషి కాపలా ఉండేలా పెట్టాలి. కాపలా కుదరని ఇంట్లో రెండు పూటలా దీపం పెట్టుకోవడంలో లోటేమీ లేదు.

ఇక గుడ్డ. దుకాణాల్లో తళతళలాడే టిష్యూ, నెట్, జార్జెట్ తెరలు చాలావరకు పాలిస్టరే. దానికి మంట తగిలితే కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది, ఆ బొట్టు చర్మానికి అంటుకుంటుంది. నూలు కూడా కాలుతుంది, కానీ కరిగి కారదు. అనుమానంగా ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటి బయట అగ్గిపుల్లతో అంటించండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ చివర గట్టి పూసలా మిగులుతుంది. ఇంత చిన్న గూటికి గద్వాల చీర మొత్తం కుక్కడం కూడా వృథా. అయిదున్నర మీటర్ల చీర మడతలు పెడితే మందం పెరిగి జాగా తినేస్తుంది, ఉన్న లోతే అడుగున్నర. చీర అమ్మవారి పాదాల దగ్గర పళ్లెంలో మడత మీద పెట్టుకోవచ్చు. వెనక తెరకు మీటరు పోచంపల్లి నూలు ఇక్కత్ ముక్క చాలు. దానికి కుచ్చిళ్లు కూడా పెట్టకండి. కుచ్చిళ్లు రెండంగుళాల లోతు మింగుతాయి, ఇక్కత్ డిజైన్ మడతల్లోకి పోతుంది. సాపుగా బిగించి కడితే ఆ చెక్స్, ఆ పూల అంచు మసకగా కనిపిస్తూ అమ్మవారి వెనక నిండుగా ఉంటుంది.

అద్దె ఇంటి గోడకు మేకులు కొట్టలేం, టేపు అంటిస్తే వేడికి జిగురు మెత్తబడి రెండో రోజో మూడో రోజో ఊడి వస్తుంది. అది దీపం వెలుగుతున్నప్పుడే ఊడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండు గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగు కర్టెన్ రాడ్ ఒకటి కొనండి. గుడ్డ పై అంచును రాడ్ మీదుగా మడిచి వెనక వైపు నాలుగు పిన్నీసులు పెట్టండి. రాడ్‌ను పలకకు ఆనించకుండా నాలుగు అంగుళాలు కిందికి బిగించండి, ఆ సందులోంచి వేడి పోతుంది. గుడ్డ కింది అంచు నేలకు ఒక అంగుళం పైనే ఆగాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గూటి నేల మీద నెయ్యి ఒలికినప్పుడు గుడ్డ అంచు దాన్ని పీల్చుకుని పైకి లాగుతుంది, రెండు రోజుల్లో జానెడు ఎత్తున జిడ్డు ఎక్కుతుంది. అప్పుడు వెనక తెరే పెద్ద వత్తి.

పూల దగ్గర మన జిల్లాలకు ఒక వెసులుబాటు ఉంది. బతుకమ్మకు తెచ్చిన పూలు ఇంట్లో ఉంటాయి. తెచ్చిన వాటిలో కొన్ని దేవుడి గూటికి తీసి పెట్టుకోవచ్చు, అయితే ఏది ఎంతసేపు నిలుస్తుందో తెలిసి తీయాలి. తంగేడు కోసిన పూటే వాడుతుంది, గిన్నెలో నీళ్లు పోసి కొమ్మలు నిలబెడితేనే సాయంత్రం దాకా పచ్చగా ఉంటుంది. బంతి, చామంతి రెండు రోజులు వస్తాయి. గునుగు పువ్వే పొడిగా ఉంటుంది కాబట్టి తొమ్మిది రోజులూ రూపం చెడదు. కానీ ఎండిన గునుగుకు నిప్పురవ్వ చాలు, దాన్ని దీపం లేని పక్కనే, కింద పెట్టండి. రంగు అద్దిన గునుగు బతుకమ్మకే ఉంచండి. నీటి తడి తగిలితే ఆ రంగు తెర మీదికి దిగుతుంది, మళ్లీ పోదు.

దండ కొలత చాలామంది ఎక్కువ తెస్తారు. రెండడుగుల వెడల్పున నాలుగు అంగుళాల వంపుతో వేలాడాలంటే ఇరవై ఆరు అంగుళాల దండ కావాలి, అంటే మూరన్నర. రెండు మూరలు తెస్తే మధ్యలో అమ్మవారి ముఖం దాకా జారుతుంది. ముందురోజు సాయంత్రం తెచ్చిన దండను నీళ్లు చల్లి కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెడితే బంతి రేకుల మధ్య నీరు నిలిచి తెల్లారేసరికి నల్లబడుతుంది. నీళ్లు దులిపేసి, పిండిన తడి గుడ్డలో వదులుగా చుట్టండి. దండను వెనక రాడ్‌కే కట్టండి, దీపం పైన కాదు. అమ్మవారికి వేసిన పూలు మర్నాడు ఉదయం నిర్మాల్యం తీసేటప్పుడు ఎలాగూ తీస్తారు, అలంకారానికి కట్టిన దండను కూడా అప్పుడే తడిమి చూడండి. వేళ్లకు పొడిగా తగిలితే అదీ తీసేయండి. బతుకమ్మ లెక్కలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు కనుక ఇంటికి పూలు రావు. గూటికి కావలసిన పూలు అయిదో రోజే పక్కన పెట్టుకోవాలి.

పటం అడుగు ఎత్తుకు మించొద్దు, కింద రెండంగుళాల పీట చాలు. పటం అద్దంలో దీపం ప్రతిబింబం సరిగ్గా అమ్మవారి ముఖం మీద పడి ఏమీ కనిపించకపోతే, పటం పై అంచు వెనక ఒక వేలు మందం చెక్కముక్క పెట్టి ముందుకు వంచండి. ప్రతిబింబం ముఖం మీంచి పైకి జరుగుతుంది, ముఖం తేటగా కనిపిస్తుంది. వంచిన పటం జారకుండా అడుగున చిన్న ఆధారం ఉండాలి. సీరియల్ సెట్టు పెట్టేవాళ్లు తీగను గుడ్డ వెనక నుంచి తీయకండి, అడాప్టర్ గూటి బయట ఉండాలి. నిజానికి నేతి దీపం ఉన్న గూటికి రంగు బల్బులు అక్కర్లేదు.

గూటి ముందు దీపం పీట పెట్టుకున్నా, మిగతా నేల మాత్రం ఖాళీగా వదలండి. సాయంత్రం సిబ్బిలో పేర్చిన బతుకమ్మను వాకిట్లోకి తీసుకెళ్లే ముందు దేవుడి దగ్గర పెట్టేది అక్కడే. సద్దుల నాటి బతుకమ్మ గూటి కంటే పెద్దది. దశమి నాడు జమ్మి ఆకు పెట్టేదీ అక్కడే.

తెర విప్పేటప్పుడు కుంకుమ రాలి ఉంటుంది, తడిగుడ్డతో తుడవకండి. తడి తగిలిన కుంకుమ నూలులోకి దిగి గులాబీ మరక అవుతుంది. బయటికి తీసుకెళ్లి దులిపి, పొడి బ్రష్‌తో నేత వెంబడి రాల్చండి. నెయ్యి చుక్క పడ్డచోట శనగపిండి అద్ది రాత్రంతా ఉంచి, మర్నాడు దులిపాకే ఉతకాలి.