120 గంటలు అని రాస్తే ఏం తెలుస్తుంది?

మా చెల్లి స్కాలర్‌షిప్ అప్లికేషన్ చూస్తూ కూర్చున్నాం. "గ్రంథాలయంలో పిల్లల చదువు కార్యక్రమంలో 120 గంటలు స్వచ్ఛంద సేవ" అని రాసింది. గంటలకు ఫారంలో వేరే గడి ఉంది, మళ్లీ ఇక్కడెందుకు?

"నువ్వు ఒకరోజు రాకపోతే అక్కడ ఏం ఆగిపోయేది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: మొదట్లో పుస్తకాలు సర్దడమే పని. తర్వాత ఒక చిన్న గుంపుని పూర్తిగా తనకే అప్పగించారు. అందులో ఇద్దరు పైకి చదవమంటే నోరు విప్పేవారు కాదు. వాళ్లను ముందు జంటగా చదివించి, తర్వాత అందరి ముందుకు తెచ్చింది. ఎవరు ఎక్కడ ఆగారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టేది. ఇప్పుడు కొత్తగా వచ్చే వాలంటీర్లు కూడా అదే పుస్తకం వాడుతున్నారట.

అసలు విషయమంతా ఇక్కడుంటే, రాసింది గంటలు!

చివరికి ఇలా మార్చాం: "పుస్తకాలు సర్దడంతో మొదలుపెట్టాను. తర్వాత ఒక చదువు గుంపు బాధ్యత నాకిచ్చారు. పైకి చదవడానికి జంకే పిల్లలను ముందు జంటలుగా చదివించాను. నేను మొదలుపెట్టిన ప్రగతి పుస్తకాన్ని ఇప్పుడు మిగతా వాలంటీర్లూ వాడుతున్నారు."

"కార్యక్రమాన్ని నడిపించాను" అని పెడదామంది. వద్దన్నాను. నడిపింది లైబ్రేరియన్. సిఫార్సు లేఖ రాసేదీ ఆవిడే, రెండూ పక్కపక్కన పెట్టి చదువుతారు కదా. "ఓపిక, నాయకత్వం నేర్చుకున్నాను" అన్న వాక్యం కూడా కొట్టేశాం. జంటలుగా చదివించిందని చదివినవాళ్లకు ఓపిక సంగతి వేరే చెప్పాలా?