రక్తమిచ్చినవారికీ, ఇవ్వలేకపోయినవారికీ

ఎంవీపీ కాలనీలో మన రక్తదాన శిబిరం ఇప్పుడే ముగిసింది. హాల్లో ఇంకా మంచాలు మడతపెడుతున్నారు.

హిమోగ్లోబిన్ 12.5 గ్రాముల కంటే తక్కువగా ఉందని వైద్యులు వద్దన్నా, ఒక అక్కగారు ఇంటికి వెళ్లకుండా, రక్తమిచ్చి లేచినవారిని పావుగంట కూర్చోబెట్టి పళ్లరసం తాగించారు. ముఖం పాలిపోయి చెమటలు పట్టిన ఒక తమ్ముణ్ణి మెట్లు దిగనివ్వకుండా ఆపి, వెంటనే పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టించింది కూడా ఆమే.

ఆమెకు, ఓపికగా ఫారాలు నింపించినవారికి, ఈ ఉక్కలో నీళ్ల క్యాన్లు మేడ మీదికి మోసినవారికి, 350 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చిన దాతలకు, ఇవ్వాలని వచ్చి వెనుదిరగవలసివచ్చినవారికి, ఇప్పుడు హాలు ఊడుస్తున్నవారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పేర్లు రాస్తే ఎవరైనా మిగిలిపోతారని పనులే రాశాను. మీరు చేసిన పని ఇందులో లేకపోతే దయచేసి చెప్పండి, తప్పక చేరుస్తాను.