పొరలు లేని ఫ్లయర్‌లో తేదీ మార్పు: 14 పోయి 21

కార్యక్రమం వారం వాయిదా పడింది. ఫ్లయర్ అసలు ఫైల్ ఎవరి దగ్గరా లేదు, మిగిలింది ఒక్క జేపెగ్ మాత్రమే. నీలం గ్రేడియంట్ మీద తెల్ల అక్షరాల్లో ‘శనివారం 14.11.2026’ అని ఉంది. సరిగ్గా వారమే జరగడంతో శనివారాన్ని ముట్టుకోనక్కర్లేదు. 14ని 21 చేస్తే చాలు.

ఏ ఫాంటో వెతుక్కునే తలనొప్పి కూడా తప్పింది. 2 సంవత్సరంలో ఉంది, 1 నెలలో ఉంది, రెండూ అదే సైజు. ఫాంట్ దొరికినా కొత్తగా టైప్ చేసిన అంకె అంచులు మరీ పదునుగా ఉండి పక్కవాటిలో కలవవు. బొమ్మలోంచే తీసిన అంకెకు ఆ తేడా రాదు.

ముందు పాత 14ని చెరిపాను, జింప్‌లో. ఈ గ్రేడియంట్ పైనుంచి కిందికి మారుతుంది కాబట్టి ఒకే ఎత్తులో రంగు అడ్డంగా అంతటా ఒకటే. ఎడమ మార్జిన్‌లో ఖాళీగా ఉన్న నిలువు పట్టీని కాపీ చేసి, పైకీ కిందికీ జరగకుండా అంకెల మీదికి తెచ్చాను. పట్టీని అక్షరాలకు కనీసం 16 పిక్సెళ్ల దూరంలో తీసుకోవాలి. జేపెగ్ బొమ్మను 8×8 గళ్లుగా కుదిస్తుంది, రంగును చాలాసార్లు సగం రిజల్యూషన్‌లోనే దాస్తుంది, అందుకే అక్షరాల చుట్టూ మురికి అంతదాకా పాకుతుంది. ఒక్క పిక్సెల్ వెడల్పు గీతను సాగదీసినా పని జరుగుతుంది కానీ, దువ్వెనతో గీసినట్టు చారలు పడతాయి.

ఇక అంకెలు. 2ని చుట్టూ ఉన్న నీలంతో సహా కొత్త లేయర్‌లోకి తెచ్చాను. సంవత్సరం కూడా అదే వరుసలో ఉన్నా, అక్షరాల పక్కనున్న మురికి వల్ల ఆ నీలం చతురస్రంలా బయటపడింది. దాన్ని కత్తిరిస్తూ కూర్చోకుండా లేయర్‌ను Desaturate చేసి, Colors > Levels లో ఎడమ చివరి నల్ల గుర్తును వెనకున్న బూడిదరంగు పూర్తిగా నల్లబడేదాకా జరిపాను. లేయర్ మోడ్ Lighten only కి మార్చగానే నలుపంతా మాయమై తెల్ల అంకె మిగిలింది. దీనివల్ల అంకె కొంచెం సన్నబడుతుంది. మధ్య గుర్తును కాస్త ఎడమకు లాగితే మందం తిరిగొస్తుంది. ముదురు నేల మీద తెల్ల అక్షరాలకే ఈ చిట్కా. 1కీ అంతే.

అమర్చేటప్పుడు పైఅంచులు చూడొద్దు. 2 తల గుండ్రం, చాలా ఫాంట్లలో వెంట్రుకవాసి పైకి పోతుంది. అడుగులు కలిపి, మధ్య ఖాళీని పక్కనున్న అంకెల్లో చూసి సరిపెట్టాను.

అతుకు పట్టుకోవడానికి పైన తాత్కాలికంగా కాంట్రాస్ట్ బాగా పెంచి చూశాను. పట్టీ కుడి అంచున సన్నని గీత తేలింది. అక్కడ లేయర్ మాస్క్‌ మీద మెత్తటి బ్రష్ తిప్పాక పోయింది. ఎక్స్‌పోర్ట్ PNG లోనే చేశాను. మెసేజ్‌లో ఫొటోగా పంపితే మళ్లీ కుదించేస్తారు, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను. మూలనున్న క్యూఆర్ కోడ్ తెరిచే పేజీలో ఇంకా 14 అనే ఉంది, అది మార్చాల్సింది పేజీ నడిపేవాళ్లు.