గేటు నుంచి లైబ్రరీకి నాలుగు అంగల్లో

బీఎస్సీ చివరి సంవత్సరంలో మా లెక్కల మాస్టారు గ్రాఫ్ సిద్ధాంతం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద మా కాలేజీనే గీశారు. నాలుగు చుక్కలు: గేటు, తరగతి, క్యాంటీన్, లైబ్రరీ. గేటు, తరగతి, క్యాంటీన్ మూడింటి మధ్యా ఒకదానినుంచి ఒకదానికి నేరుగా బాట ఉండేది. లైబ్రరీకి మాత్రం తరగతి వరండా గుండానే వెళ్లాలి. మొత్తం నాలుగు బాటలు. ఒక బాట నడిస్తే ఒక అంగ అన్నారు ఆయన.

"గేటు నుంచి సరిగ్గా నాలుగు అంగల్లో లైబ్రరీకి ఎన్ని విధాలుగా చేరవచ్చు?" అని అడిగారు. నేను వెంటనే లేచి, "సున్నా, మాస్టారూ" అన్నాను. నాలుగు అంగలు వేయాలంటే ఐదు చోట్లు కావాలి, మనకున్నవి నాలుగే కదా అని నా వాదం. ఇంత చక్కగా చెప్పినందుకు మెచ్చుకుంటారనుకున్నాను.

"వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లకూడదని నీకెవరు చెప్పారయ్యా?" అన్నారు.

అప్పుడే నడకకూ దారికీ ఉన్న తేడా తెలిసింది. దారిలో ఏ చోటూ రెండోసారి రాకూడదు. నడకకు ఆ నియమం లేదు, వచ్చిన బాటనే వెనక్కి తిరగవచ్చు. నాలుగు చోట్లనూ గేటు, తరగతి, క్యాంటీన్, లైబ్రరీ వరుసలో పెట్టి, నేరుగా బాట ఉంటే 1, లేకపోతే 0 రాయించారు. అదే అడ్జసెన్సీ మాత్రిక. దాని వర్గం మేమే కట్టాలి.

నేను ప్రతి అంకెనూ విడివిడిగా వర్గం చేసి, మళ్లీ అదే మాత్రికను చూపించాను. సున్నాలు సున్నాలే, ఒకట్లు ఒకట్లే! మాస్టారు తిట్టలేదు, గుణించి చూపించారు.

```
A          A²
0 1 1 0    2 1 1 1
1 0 1 1    1 3 1 0
1 1 0 0    1 1 2 1
0 1 0 0    1 0 1 1
```

గేటు అడ్డు వరుసనూ లైబ్రరీ నిలువు వరుసనూ గుణించేటప్పుడు ఏం జరుగుతుందో ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఒక్కో లబ్ధం ఒక్కో మధ్య మజిలీని అడుగుతుంది: గేటు నుంచి అక్కడికి బాట ఉందా, అక్కడి నుంచి లైబ్రరీకి ఉందా? రెండూ ఉంటేనే 1 వస్తుంది. మజిలీలన్నింటి మీదా కూడితే రెండంగల నడకల సంఖ్య. ఇక్కడ తరగతి ఒక్కటే "ఉంది" అంటుంది కాబట్టి 1. మూడో ఘాతానికీ ఇదే తర్కం: రెండంగల్లో ఏదో ఒక చోటికి చేరి, చివరి అంగ అక్కడి నుంచి వేయడం.

గుణకారం తప్పిందో లేదో పట్టుకునే కిటుకు కూడా చెప్పారు. A² వికర్ణంలో ప్రతి చోటినుంచి ఎన్ని బాటలు బయలుదేరతాయో అవే అంకెలు రావాలి, ఎందుకంటే రెండంగల్లో తిరిగి రావడమంటే ఒక బాట పట్టి వెళ్లి దాన్నే పట్టుకుని వెనక్కి రావడమే. 2, 3, 2, 1 కూడితే 8, అంటే బాటల సంఖ్యకు రెట్టింపు. నా మాత్రిక వికర్ణంలో అన్నీ సున్నాలే. చూడగానే దొరికిపోయాను.

ఇక అసలు ప్రశ్న. A³లో గేటు వరుస 2, 4, 3, 1 వచ్చింది. లైబ్రరీకి చివరి అంగ తరగతి నుంచే పడాలి కాబట్టి, గేటు నుంచి మూడంగల్లో తరగతికి ఎన్ని నడకలో నాలుగంగల్లో లైబ్రరీకీ అన్నే: 4. నమ్మకం కుదరక వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడు నడకల్లో మొదట తరగతికి వెళ్లి, అక్కడి నుంచి గేటుకో క్యాంటీనుకో లైబ్రరీకో పోయి, మళ్లీ తరగతికి వచ్చి లైబ్రరీ చేరతాం. నాలుగోది గేటు, క్యాంటీన్, గేటు, తరగతి, లైబ్రరీ. "ఇది జేబులో డబ్బుల్లేవని క్యాంటీన్ గుమ్మం దగ్గర గుర్తొచ్చినవాడి నడక" అన్నారు మాస్టారు. మాలో చాలామంది రోజూ నడిచేది అదే.

"మరి దారులను మాత్రమే లెక్కపెట్టే ఘాతం లేదా?" అని అడిగాను. లేదన్నారు. మాత్రిక గుణకారానికి జ్ఞాపకం ఉండదు, ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగామో దానికి తెలియదు అని ఆయన వివరణ. నడకలకైతే పదహారో ఘాతాన్ని కూడా వర్గం మీద వర్గం కడుతూ నాలుగు గుణకారాల్లో తేల్చవచ్చు. దారుల లెక్క అలాంటిది కాదు. రెండు శీర్షాల మధ్య దారులన్నింటినీ లెక్కించడం అతి కఠినమైన లెక్కింపు సమస్యల కోవలోదని లెస్లీ వాలియంట్ 1979లోనే నిరూపించారని ఎమ్మెస్సీలో చదువుకున్నాను.

మొన్న కాలేజీకి వెళితే క్యాంటీన్ నుంచి లైబ్రరీకి సిమెంటు బాట వేసి ఉంది. మాత్రికలో రెండు సున్నాలు ఒకట్లయ్యాయి. అక్కడే టీ తాగుతూ రసీదు వెనక గుణించి చూశాను. గేటు నుంచి లైబ్రరీకి నాలుగంగల నడకలు ఇప్పుడు 10. దారులు మాత్రం ఇప్పటికీ సున్నాయే, మాస్టారూ.