పిన్ని కంప్యూటర్‌ని వేరే ఊరి నుంచి బాగుచేసిన నా అనుభవం

పోయిన వారం పిన్ని కంగారుగా ఫోన్ చేసింది, స్క్రీన్ కింద కుడి మూల మాటిమాటికీ "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి" అని వస్తోందట, పక్కనే ఒక ఫోన్ నంబర్ కూడా ఉందట. ఆ నంబర్‌కి చెయ్యకముందే నాకు చేసింది, అదే నయం. చేసుంటే అవతలివాడు కూడా నేను వాడబోయే Quick Assist నే తెరవమనేవాడేమో, దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ చూస్తూ నడపడానికి విండోస్‌లో ఉండే టూల్ అది. దాన్ని మోసగాళ్లు ఇలా వాడుతున్నారని 2024 మేలో మైక్రోసాఫ్టే చెప్పింది.

విండోస్‌లోనే ఉండే ఇంకో టూల్, రిమోట్ డెస్క్‌టాప్, ఎందుకు వాడలేదంటే, పిన్నిది హోమ్ ఎడిషన్, దాంట్లోకి అలా కనెక్ట్ అవ్వడం కుదరదు. కుదిరినా నేను వాడేదాన్ని కాదు, ఎందుకంటే అందులో మనం లోపలికెళ్లగానే అక్కడి స్క్రీన్ లాక్ అయిపోతుంది, నేనేం చేస్తున్నానో పిన్నికి కనపడదు. నాకు ముఖ్యం అదే, తను చూస్తుండగానే అన్నీ జరగాలి.

ముందు తనతో ఫోన్ పెట్టేయించి, తన ఫోన్‌లో సేవ్ చేసుకున్న నా నంబర్‌కి మళ్లీ చెయ్యమన్నా. "ఇప్పుడేగా మాట్లాడుతున్నాం, మళ్లీ ఎందుకురా" అంది. ఈరోజు మనమే, రేపు నా గొంతుతో ఇంకెవడైనా చెయ్యొచ్చు, అందుకే అలవాటు చేస్తున్నా పిన్నీ అని చెప్పా. తర్వాత బ్యాంకు పేజీ, మెయిల్, వాట్సాప్ వెబ్ అన్నీ మూసేయించా. నా వైపు నా సొంత లాప్‌టాప్ మాత్రమే వాడా, ఆఫీసుది కాదు, నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ ఉందో లేదో కూడా చూసుకున్నా.

ఇద్దరం Ctrl + Windows + Q నొక్కి Quick Assist తెరిచాం. సాయం చేసేవాళ్లే సైన్ ఇన్ అవ్వాలి, పిన్నికి అక్కర్లేదు. నాకు ఒక కోడ్ వచ్చింది, అది పది నిమిషాలే పనిచేస్తుంది, పిన్ని కళ్లజోడు వెతుక్కునేసరికి మొదటిది అయిపోయింది, రెండోది ఒక్కో అక్షరం చెప్పి కొట్టించా. మొదట నాకు స్క్రీన్ కనపడుతుంది అంతే, మౌస్ కదపాలంటే నేను కంట్రోల్ అడగాలి, తను Allow నొక్కాలి. నచ్చకపోతే ఏ క్షణమైనా మూసెయ్యొచ్చని ముందే చెప్పా, ఒకసారి మూయించి కూడా చూపించా, మళ్లీ కొత్త కోడ్ తీసుకున్నాం.

ఆ వైరస్ మెసేజ్ నిజానికి క్రోమ్ నోటిఫికేషన్. ఎలా తెలిసిందంటే ఆ డబ్బాలోనే క్రోమ్ అనీ, ఒక తెలియని సైట్ పేరూ చిన్నగా ఉన్నాయి. ఎప్పుడో ఏదో పేజీలో పిన్ని Allow నొక్కేసింది. అడ్రస్ బార్‌లో ఇది కొట్టి,

```
chrome://settings/content/notifications
```

అనుమతి ఉన్నవాటిలోంచి ఆ సైట్‌ని తీసేశా, మెసేజ్‌లు ఆగిపోయాయి.

కానీ గడియారం పక్కన ఇంకో ఐకాన్ కనపడింది. అదేంటి పిన్నీ అంటే, ప్రింటర్ పని చెయ్యనప్పుడు ఫోన్‌లో ఒకతను పెట్టించాడు అంది. తెరిచి చూస్తే అదీ రిమోట్ సాఫ్ట్‌వేరే, పైగా పిన్ని ఒప్పుకోకుండానే పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చేలా సెట్ చేసి ఉంది. నిజంగా భయమేసింది. తీసేద్దామని Uninstall నొక్కగానే నా స్క్రీన్ నల్లగా అయిపోయింది. అది తప్పేం కాదు, విండోస్ అనుమతి అడిగే డబ్బా అవతలివాళ్లకే కనపడుతుంది, మనకి కనపడేలా మార్చే సెట్టింగ్ ఉందంటారు గానీ నేను ముట్టుకోను. అందులో ఏ ప్రోగ్రామ్ పేరుందో చదవమన్నా, సరిగ్గా అదే పేరు చదివాక Yes నొక్కమన్నా. రీస్టార్ట్‌కి కనెక్షన్ తెగింది, కొత్త కోడ్‌తో మళ్లీ వచ్చి అది పోయిందని ఇద్దరం చూసుకున్నాం.

ఇంతకుముందు ఎవరైనా వచ్చి చూశారా లేదా అన్నది నాకు తేలలేదు, అందుకని మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లో కాకుండా తన ఫోన్‌లో మార్చుకోమన్నా. ఆ మార్చేటప్పుడు నేను కనెక్షన్ మూసేశా, కొత్తవి నాకు కూడా చెప్పొద్దన్నా.

నిన్న ప్రింటర్ సంగతి చూద్దామని నేనే ఫోన్ చేశా. "ఉండు నాన్నా, పెట్టెయ్, నేనే నీకు చేస్తా" అని కట్ చేసి, నిమిషంలో తిరిగి చేసింది.