ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతున్నా చల్లబడకపోతే: మూడు లోపాలను విడదీసి చూసిన అనుభవం

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉన్న మా చెల్లె వాళ్లింట్లో ఫ్రిజ్ సింగిల్ డోర్‌ది, 190 లీటర్లు. "అన్నా, మోటర్ రాత్రంతా ఆగుతలేదు, పాలు మాత్రం పొద్దటికి విరుగుతున్నయి" అని ఫోన్ చేసింది. కరెంటు పోయి వచ్చినప్పుడైతే మోటర్ ఒక పట్టాన ఎత్తుకోవడం లేదట, వెనక నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందట. అంతకుముందు చూసిన మెకానిక్ వెనక తడిమి చూసి, గ్యాస్ నింపితే అయిపోతదని చెప్పి పోయాడు.

గ్యాస్ పోయిందనేది నిజమే కావచ్చు. కానీ పైపుల్లో మూసి ఉండే గ్యాస్ వాడినకొద్దీ అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. ఆ చోటు దొరకకుండా నింపితే ఇచ్చిన డబ్బు గాలిలో కలుస్తుంది. అందుకే ఖర్చు లేనిదాని నుంచి మొదలుపెట్టాను.

ముందు ప్లగ్ పీకి ఫ్రిజ్‌ను ముందుకు జరిపాను. వెనక నల్ల జాలీ, అంటే కండెన్సర్, దూదిపింజలతో దుప్పటి కప్పినట్టుంది. పత్తి, మిర్చి దిగే మార్కెట్ పక్కన ఇల్లంటే ఇది మామూలే. లోపలి వేడిని బయటికి వదిలేది ఈ జాలీయే. దానికి గాలి తగలకపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది, మోటర్ బరువుగా తిరుగుతుంది, ఎంత తిరిగినా చల్లదనం తక్కువే. పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపి, మిగిలింది బ్లోయర్‌తో ఊదాను. నీళ్లు కొట్టకూడదు, కిందనే మోటర్‌ను ఎత్తించే రిలే, వైర్లు ఉంటాయి. గోడకు ఆనించిన ఫ్రిజ్‌ను జానెడు దూరం జరిపాను. జాలీ కనిపించని కొత్త మోడళ్లలో కండెన్సర్ పక్క రేకుల వెనక ఉంటుంది. అలాంటివాటికి పక్కల్లో కూడా ఖాళీ వదలాలి.

రెండోది ఆ టిక్కు చప్పుడు. కరెంటు వచ్చాక మోటర్ గుయ్‌మని కొన్ని సెకన్లు వణికి, టిక్కుమని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే చేస్తుంటే, తిరగబోయి తిరగలేకపోతోందని అర్థం. ఆ కొన్ని సెకన్లూ మోటర్ మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, అది వేడెక్కాక ఓవర్‌లోడ్ అనే రక్షణ ముక్క కరెంటు కట్ చేస్తుంది. తప్పు మోటర్‌దా రిలేదా అన్నది మీటర్‌తో తేలుతుంది. ప్లగ్ పీకే ఉంది కాబట్టి రిలే, ఓవర్‌లోడ్ ఊడదీసి మోటర్ ఉండే కంప్రెసర్ మూడు పిన్నులూ కొలిచాను. కామన్ నుంచి రన్‌కు 16 ఓంలు, కామన్ నుంచి స్టార్ట్‌కు 22, రన్ నుంచి స్టార్ట్‌కు 38. మొదటి రెండూ కలిపితే మూడోది వచ్చింది కాబట్టి మోటర్ లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, తెగలేదు. ఏ పిన్ను నుంచీ బాడీకి కరెంటు దారి లేదు. ఇక రిలే. ఇది పీటీసీ రకం, లోపల చిన్న బిళ్ల ఉంటుంది, మోటర్ ఎత్తుకున్నాక అది వేడెక్కి స్టార్ట్ వైపు కరెంటును దాదాపు ఆపేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు 20 ఓంల దగ్గర చూపించాల్సింది 70 దాటి చూపించింది, చేత్తో కదిపితే అంకె మారుతూ పోయింది. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది, బిళ్ల పగిలింది. అదే నంబర్ రిలే, ఓవర్‌లోడ్ రెండూ కలిపి మార్చాను. ఏదో ఒకటి సరిపోతుందని వేరే రకం పెడితే స్టార్ట్ వైండింగ్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, కరెంటు వచ్చిన వెంటనే కాకుండా నాలుగైదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ ఆన్ చేయాలి. ఆలోగా రెండు వైపుల ప్రెషర్ సమానమవుతుంది, పీటీసీ బిళ్ల కూడా చల్లారుతుంది.

ఇప్పుడు మోటర్ మొదటి దెబ్బకే ఎత్తుకుంది. కానీ గంట తర్వాత ఫ్రీజర్ తెరిస్తే గ్యాస్ వచ్చే మూల రెండు వేళ్ల మేర మాత్రమే తెల్లగా ఐస్ కట్టింది, మిగతా అల్యూమినియం పెట్టె తడిగా ఉంది. అసలు విషయం ఇక్కడ బయటపడింది. గ్యాస్ సరిపడా ఉంటే పెట్టె అంతా ఒకేలా మంచు పట్టాలి. జాలీ మీద చెయ్యి పెట్టి కూడా చూడొచ్చు. మంచి స్థితిలో పైన బాగా వేడి, కిందికి వచ్చేసరికి గోరువెచ్చన. గ్యాస్ తక్కువైతే మొత్తం అంతంతమాత్రపు వెచ్చదనమే. ఈ జాలీ అలాగే ఉంది.

వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఎ, 36 గ్రాములు అని ఉంది. ఈ ఐసోబ్యూటేన్ మండే గ్యాస్. దానికి ఇంకో గుణం ఉంది, చాలామంది దాని దగ్గరే తడబడతారు. మోటర్ తిరుగుతున్నప్పుడు ఫ్రీజర్ వైపు ప్రెషర్ బయటి గాలి కన్నా తక్కువ. అంటే అక్కడ చిల్లు ఉంటే గ్యాస్ బయటికి రాదు, బయటి గాలి, తేమ లోపలికి పోతాయి. అప్పుడు సబ్బు నురగ పూస్తే బుడగ రాదు, నురగే లోపలికి పీల్చుకుపోతుంది. "లీక్ ఏమీ లేదు" అనే మాట అలా పుడుతుంది. మోటర్ ఆపాకే గ్యాస్ బయటికి కారుతుంది.

కాబట్టి వంటగదిలో పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, గొట్టం పెట్టి మిగిలిన గ్యాస్‌ను ఆరుబయట వదిలాం. పైపును కట్టర్‌తో కోశాం, మంట దగ్గరికి రానియ్యలేదు. ఫ్రీజర్ వైపు నైట్రోజన్ 100 పీఎస్ఐ పట్టించి నురగ రాస్తే, ఐస్ ట్రే పెట్టే చోట సూది మొనంత బుడగ ఉబ్బింది. దాని చుట్టూ నూనె మరక, పక్కనే కత్తి గీత. ట్రే గడ్డకట్టి రాకపోతే కత్తితో పొడిచి తీసిన ఆనవాలు అది. అల్యూమినియం ఫ్రీజర్లలో లీక్ ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది.

ఈ మోడల్‌లో ఫ్రీజర్ మార్చుకోవడానికి వీలుంది, కానీ కొత్తది తెప్పించేదాకా ఆగాలి. చిల్లు సూదంత ఉంది కాబట్టి అల్యూమినియం ఎపాక్సీ వేయడానికే మొగ్గు చూపాను. ప్రెషర్ వదిలేసి, ఆ చోటు ఎమరీ కాగితంతో రుద్ది, నూనె పోయేలా తుడిచి, రెండు ముద్దలూ సమానంగా కలిపి నొక్కి పట్టించి, ఒక రోజంతా ఆరనిచ్చాం. మళ్లీ నైట్రోజన్ పట్టించి కొన్ని గంటలు వదిలినా ముల్లు కదల్లేదు. గీత పొడుగ్గా ఉంటే ఎపాక్సీని నమ్మను, ఫ్రీజర్ మార్చడమే నయం.

పైపు దారిలో తేమ పట్టే ఫిల్టర్ కొత్తది వేయాలి. పాతది తేమ పీల్చి ఉంటుంది, అది వదిలితే ఫ్రీజర్‌లోకి గ్యాస్ తీసుకెళ్లే సన్న గొట్టం, అంటే కేపిలరీ, మొనలో ఐస్ కట్టి దారి మూసుకుంటుంది. తర్వాత వాక్యూమ్ పంపు ముప్పావుగంట నడిపి, వాల్వ్ మూసి పావుగంట గేజ్ చూశాం. అది పైకి రాకపోతేనే గ్యాస్. 36 గ్రాములకు చేతి అంచనా పనికిరాదు, ఐదారు గ్రాములు ఎక్కువైనా తేడా చేస్తుంది. చిన్న డబ్బాను డిజిటల్ కాటా మీద పెట్టి, మెల్లగా వదులుతూ అంకె చూసి ఆపాలి. చార్జింగ్ పైపును మంటతో అతికించకుండా, నొక్కి బిగించే లాక్‌రింగ్‌తో మూశాం.

ముప్పావుగంటకు పెట్టె నలుమూలలా సన్నటి తెల్ల పొర పట్టింది, క్లాంప్ మీటర్ 0.7 ఆంపియర్ చూపించింది. మర్నాటి పొద్దటికి థర్మోస్టాట్ మూడు మీద మోటర్ దానంతట అదే ఆగుతోంది. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో మాత్రం గంటలో సగానికి పైగానే తిరుగుతుంది. దాన్ని చూసి మళ్లీ గ్యాస్ పోయిందేమోనని పైపు కోయించొద్దని చెల్లెకు చెప్పాను.