ఊదా రంగు వేస్తే పాచిరంగు మిగిలింది

జుట్టు చివర్లు ఊదా రంగులో ఉండాలని నా కోరిక. హెయిర్ కలర్ కొనే బదులు వంటింట్లో ఉన్న ఫుడ్ కలర్ సీసా తీశాను. కండిషనర్‌లో ఇరవై చుక్కలు కలిపి, బ్లీచ్ చేసిన పాయలకు పట్టించి, అరగంట ఆగి కడిగేశాను.

అద్దంలో చూస్తే ఒకే పాయలో మూడు రంగులు! రెండుసార్లు బ్లీచ్ తగిలిన చివర్లు ముదురు ఊదా. ఒక్కసారే తగిలిన మధ్య భాగం మాసిన గులాబీ. బ్లీచ్ తగలని పైభాగం మామూలు నలుపే. బ్లీచ్ వల్ల వెంట్రుక పైపొర ఎంత దెబ్బతింటే లోపలికి అంత రంగు దిగుతుంది. దెబ్బ అంతటా ఒకేలా ఉండదు కదా, మరి రంగు మాత్రం ఒకేలా ఎలా ఉంటుంది?

నాలుగోసారి తలస్నానానికి అసలు టెన్షన్ మొదలైంది. ఆ ఊదా ఒక రంగు కాదు, ఎరుపూ నీలమూ కలిపింది. నా జుట్టులోంచి ఎరుపు ముందు పోయింది. బ్లీచ్ చేసిన జుట్టులో ఎలాగూ పసుపు ఛాయ ఉంటుంది, దాని మీద నీలం ఒక్కటే మిగిలేసరికి పాచిరంగు వచ్చింది. చెమట పట్టినప్పుడల్లా దిండు గలీబుకి కూడా అంటేది.

రాలిన వెంట్రుకలతో మళ్లీ ప్రయత్నించాను, ఈసారి కండిషనర్ లేకుండా, వెనిగర్ కలిపిన నీళ్లలో. రంగు ఇంకా బాగా పట్టింది. ఈ రంగులకు రుణావేశం ఉంటుంది, పులుపు తగిలితే వెంట్రుకలోని ప్రోటీన్‌కి ధనావేశం పెరిగి రంగును లాక్కుంటుంది. కండిషనర్‌లోనూ ధనావేశమున్న పదార్థాలే ఉంటాయి, అవి రంగును మధ్యలోనే పట్టేసుకోగలవు. ఉన్నికి ఇదే రంగు గట్టిగా పట్టాలంటే పులుపు నీళ్లలో దాదాపు మరిగేంత వేడి పెడతారు. తలకి ఆ వేడి పెట్టలేం కాబట్టి మనకు సగం పనే జరుగుతుంది.

అప్పుడు నా కన్ను చెల్లి దగ్గరున్న టై అండ్ డై రంగు మీద పడింది. "అక్కా, అది బట్టలకి" అంది. నిజమే. అది నూలు కోసం చేసింది, పట్టాలంటే సోడా యాష్ అనే క్షారం కావాలి. అంటే వెనిగర్‌కి సరిగ్గా వ్యతిరేకం. తలకి పెట్టలేదు గానీ, కత్తిరించిన ఒక పాయను ఆ సోడా నీళ్లలో ముంచి చూశాను. కాసేపటికి ఉబ్బి, జారుడుగా తయారైంది. తడిగా ఉండగా లాగితే సాగి పుటుక్కున తెగింది. ఆ నీళ్లు మాడుకి తగిలితే మంట ఖాయం. పైగా చర్మానికి పడుతుందో లేదో చూసి తయారుచేసిన రంగు కాదది. డబ్బా తిరిగి చెల్లికిచ్చేశాను.

తర్వాత ఎన్ని తలస్నానాలు చేసినా మధ్య భాగం తేలికైంది గానీ చివర్లు మాత్రం వదల్లేదు. మూడంగుళాలు కత్తిరించేశాను.